మనకా, కుక్కకా?

ఆదివారం పొద్దున చికెన్ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఒక ప్రశ్న చెవిన పడుతుంది. "బోన్‌లెస్ ముప్పావు కిలో" అని ఎవరైనా అడగ్గానే కొట్టతను కత్తి మీంచి తలెత్తకుండానే "మనకా, కుక్కకా అన్నా?" అంటాడు. కుక్కకైతే ముక్క సైజు పట్టించుకోడు, కడిగే శ్రమ పెట్టుకోడు. మెడలు, కాళ్లు, చర్మం కలిపి తక్కువ ధరకు ఇంకో కవర్లో వేసిస్తాడు. ఇంటికొచ్చాక అవన్నీ చిటికెడు పసుపుతో ఉడికి అన్నంలో కలిసేవి. ఇప్పుడు ఆ ఉడికించడం మానేసి, కవర్ విప్పి నేరుగా గిన్నెలో పోసేవాళ్లు కనిపిస్తున్నారు. ఎందుకని అడిగితే, కుక్క మొదట తోడేలే కదా, తోడేలు వండుకుని తింటుందా అంటారు.

ఈ వాదానికి ఒక చిరునామా ఉంది. ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు కుక్కలకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలు పెట్టాలంటూ 1993లో ఒక పుస్తకం వేశాడు. ఆ పద్ధతికి తర్వాత బార్ఫ్ అనే పేరు స్థిరపడింది. ఆయన చెప్పిన తిండిలో మాంసంతో పాటు ఎముకలున్నాయి, కాలేయం వంటి లోపలి భాగాలున్నాయి, కూరగాయలున్నాయి. ఆ మాట నోటా ఈ నోటా మన అపార్ట్‌మెంటు దాకా వచ్చేసరికి ఎముక భయంతో పోయింది, కాలేయం వాసనకు పోయింది, కూరగాయలు కుక్క తినక పోయాయి. చివరికి మిగిలింది బోన్‌లెస్ ఒక్కటే. అసలు పద్ధతి మీద ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ మిగిలిన తిండి దానికంటే అధ్వాన్నం.

పచ్చి మాంసం పెట్టేవాళ్లు చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. కుక్క ఆవురావురుమని తింటుంది, మలం తక్కువగా గట్టిగా వస్తుంది, బొచ్చు నిగనిగలాడుతుంది. మాంసం బాగా అరుగుతుంది, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి ఇవి కనిపించేవే. అయితే ఆ గొప్ప మాంసానిది, పచ్చిదనానిది కాదు.

తోడేలు సంగతికొస్తే, అది జింకను పట్టి బోన్‌లెస్ ముక్కలు ఏరుకుని తినదు. పొట్ట చీల్చి కాలేయం, గుండె తింటుంది, నెత్తురు తాగుతుంది, చిన్న ఎముకలు నమిలి మింగుతుంది. పైగా మన కుక్క ఆ తోడేలు కాదు. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలు కంటే కుక్కలో చాలా ఎక్కువని 2013లో స్వీడన్ పరిశోధకులు నేచర్ పత్రికలో చూపించారు. మనిషి పంచన చేరి వేల ఏళ్లు మనిషి తిండి తిన్న జంతువు కదా! మన ఊళ్లలో పెరుగన్నం తిని బతికిన కుక్కలు ఎన్ని తరాలో లెక్కలేదు.

పచ్చి మాంసం గురించి మాట్లాడేటప్పుడు రెండు వేరువేరు సమస్యలు ఒకే మూటలో పడిపోతుంటాయి. ఒకటి అందులో ఉన్నది, అంటే సూక్ష్మక్రిములు. రెండోది అందులో లేనిది, అంటే పోషకాలు. ఉడికిస్తే మొదటిది పోతుంది. రెండోది మాత్రం ఎంత ఉడికించినా పోదు. దీన్ని విడదీసి చూడకపోవడం వల్లే, పచ్చిది మానేసి ఉడికించిన చికెన్ పెడుతున్నాం కాబట్టి అంతా సరిపోయిందనుకునే ఇళ్లలో కుక్కపిల్లల కాళ్లు వంగిపోతున్నాయి.

ముందు క్రిముల సంగతి. కోడి పేగుల్లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా దానికే జబ్బూ చేయకుండా కాపురం ఉంటాయి. కోసి పొట్ట తీసేటప్పుడు అవి మాంసానికి అంటుకుంటాయి. కొట్లో ఒకటే మొద్దు, ఒకటే కత్తి, ఈకలు తీసే డ్రమ్ము కూడా ఒకటే. కాబట్టి ఒక కోడిది పది కోళ్లకు అంటుతుంది. అదే మాంసం మనమూ తెచ్చుకుంటాం, మనకేం కావడం లేదంటే కారణం కొట్టు శుభ్రత కాదు, మన పొయ్యి. పచ్చిగా పెట్టేవాళ్లు తీసేసేది సరిగ్గా ఆ పొయ్యినే.

"మేం ఫ్రీజర్లో పెట్టి తీసి పెడతాం" అనేది వెంటనే వచ్చే జవాబు. ఫ్రీజర్ కొన్ని పురుగుల్ని, వాటి గుడ్లని చంపగలదు. బాక్టీరియాని మాత్రం నిద్రపుచ్చుతుందంతే. కరిగిన కాసేపటికి అవి మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. ప్రయోగశాలల్లో బాక్టీరియాని ఏళ్ల తరబడి బతికించి దాచేది కూడా గడ్డకట్టించే. నెదర్లాండ్స్ పరిశోధకులు దుకాణాల్లో అమ్మే గడ్డకట్టిన పచ్చి మాంసపు ప్యాకెట్లు 35 కొని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 19 ప్యాకెట్లలో లిస్టీరియా, 8 ప్యాకెట్లలో ఇ.కోలై ఓ157, 7 ప్యాకెట్లలో సాల్మొనెల్లా దొరికాయి. ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇ.కోలై రకం ఏకంగా 28 ప్యాకెట్లలో ఉంది. అవి పెంపుడు జంతువుల కోసమే తయారుచేసి, సీలు వేసి అమ్మినవి. మన మొద్దు మీద కోసిన ముక్క వాటికంటే శుభ్రంగా ఉంటుందని అనుకోవడానికి కారణం కనిపించదు.

"అయినా మా కుక్కకేం కాలేదే" అంటారు. అది చాలాసార్లు నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. కెనడాలో ఒక ప్రయోగంలో సాల్మొనెల్లా ఉన్న పచ్చి తిండిని 16 కుక్కలకు ఒక్కపూట పెట్టి చూశారు. వాటిలో ఒక్కటీ జబ్బు పడలేదు. కానీ 7 కుక్కల మలంలో ఆ బాక్టీరియా బయటికొచ్చింది, కొన్నిటిలో వారం దాకా వచ్చింది. అంటే కుక్క హుషారుగానే తిరుగుతూ క్రిముల్ని ఇల్లంతా పంచుతుంది. అది తన వెనక భాగం నాక్కుంటుంది, అదే నోటితో పిల్లాడి మొహం నాకుతుంది, సోఫా ఎక్కుతుంది. గిన్నె కడిగితే సరిపోతుందా అంటే, కెనడాలోనే 2006లో ఆ పరీక్షా జరిగింది. సాల్మొనెల్లా కలిపిన మాంసం పెట్టిన గిన్నెల్ని సబ్బుతో, బ్లీచింగుతో, డిష్‌వాషర్లో కూడా కడిగి చూశారు. చాలా గిన్నెల్లో బాక్టీరియా ఇంకా మిగిలే ఉంది.

ఇది కాగితం మీది భయం కాదు. 2017లో ఇంగ్లండులో నలుగురికి ఇ.కోలై ఓ157 సోకి ఒకరు చనిపోయారు. ఆరోగ్య శాఖ ఆరా తీస్తే వాళ్లలో ముగ్గురికి పచ్చి మాంసం తినే కుక్కలతో సంబంధం ఉందని తేలింది. ఆ మాంసాన్ని ఆ మనుషులెవరూ తినలేదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు, కేన్సర్ మందులు వాడేవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉమ్మడిగా ఉండే మన ఇళ్లలో వీళ్లలో ఒక్కరైనా ఉండని ఇల్లు అరుదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. సంచిలో వచ్చే పొడి తిండి కూడా పరమ పవిత్రం కాదు. 2012లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీలో తయారైన పొడి తిండి వల్ల అమెరికా, కెనడాల్లో కలిపి 49 మందికి సాల్మొనెల్లా సోకింది. తేడా ఏమిటంటే, పొడి తిండి తయారీలో అధిక వేడితో క్రిముల్ని చంపే దశ ఒకటుంది, అది తప్పినప్పుడో, ఆ తర్వాత కలుషితమైనప్పుడో ప్రమాదం వస్తుంది. పచ్చి మాంసంలో ఆ దశే లేదు.

పిల్లుల విషయంలో ఇప్పుడు కొత్త భయం చేరింది, బర్డ్ ఫ్లూ. హెచ్5ఎన్1 వైరస్‌కు పిల్లులు కుక్కల కంటే చాలా తేలిగ్గా లొంగిపోతాయి. అన్నం మానేస్తాయి, జ్వరం వస్తుంది, ఆయాసపడతాయి, ఫిట్స్ వస్తాయి, చాలా పిల్లులు కొద్ది రోజుల్లోనే పోతాయి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగన్‌లో గడప దాటని ఒక ఇంటిపిల్లి ఇలాగే చనిపోయింది. అది తిన్న టర్కీ కోడి పచ్చి మాంసపు ప్యాకెట్‌లోని వైరస్, పిల్లి ఒంట్లోని వైరస్ జన్యుపరంగా ఒకటేనని తేలడంతో ఆ సరుకును వెనక్కి రప్పించారు. మన దేశంలో 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఈ వైరస్ బయటపడింది. ఆ ఫిబ్రవరిలోనే గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. కూరకు కోస్తున్న పచ్చి కోడిముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

వీటన్నిటికీ మందు మనకు కొత్త కాదు. మాంసం ముక్క మధ్యభాగం 74 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే సాల్మొనెల్లా, లిస్టీరియా, ఇ.కోలై, బర్డ్ ఫ్లూ వైరస్ అన్నీ చస్తాయి. కుక్కర్లో ఒక విజిల్ వస్తే ఆ వేడి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఉడికిన ఎముక పెళుసుబారి సూదుల్లా విరుగుతుంది కాబట్టి ఎముకలు తీసేయాలి. తీసేస్తాం కూడా. అయితే ఒంటికి కావలసిన కాల్షియమంతా ఆ ఎముకలోనే ఉంది.

ఇక్కడ రెండో సమస్య మొదలవుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. పన్నెండు కిలోల లాబ్రడార్ పిల్ల, వయసు మూడు నాలుగు నెలలు. దానికి రోజుకు సుమారు 1000 కేలరీలు కావాలి. చర్మం, ఎముక లేని చికెన్ వంద గ్రాముల్లో సుమారు 120 కేలరీలుంటాయి కాబట్టి, చికెన్ ఒక్కటే పెట్టాలంటే రోజుకు 800 గ్రాములకు పైగా పెట్టాలి. ఖర్చు సంగతి పక్కనపెట్టి, అంత పెట్టారనే అనుకుందాం. వంద గ్రాముల చికెన్‌లో కాల్షియం 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాములు, కొంచెం అటూ ఇటూగా. ఆ లెక్కన 800 గ్రాములు తిన్న పిల్లకు రోజుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం, 1600 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అందుతాయి. ఎదిగే కుక్కపిల్లకు ప్రతి 1000 కేలరీల తిండిలోనూ కనీసం 3000 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి. అందింది అందులో మూడు శాతం కూడా కాదు. కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగానో, దానికి రెట్టింపు వరకో ఉండాల్సి ఉండగా ఇక్కడ ఇరవయ్యో వంతుంది.

చికెన్ సగం చేసి మిగతా సగం అన్నం కలిపితే? బియ్యంలోనూ కాల్షియం దాదాపు లేదు కాబట్టి లెక్క కదలదు. పెరుగు కలిపితే? వంద గ్రాముల పెరుగులో 120 నుంచి 150 మిల్లీగ్రాములుంటుంది. మూడు వేలకు చేరాలంటే ఆ పిల్ల రోజూ రెండు కిలోల పైన పెరుగు తాగాలి. పైగా ఇదంతా కాల్షియం ఒక్కదాని లెక్క. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ లెక్కలు వేసినా చికెన్, అన్నం కలిసి చాలాచోట్ల తప్పుతాయి.

కాల్షియం అందకపోతే ఒళ్లు వెంటనే కూలబడదు. మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్ని బ్యాంకు ఖాతాలా వాడుకుంటాయి. నెత్తుటిలో కాల్షియం తగ్గబోతోందని పసిగట్టగానే హార్మోను పంపి ఎముకలోంచి తీయిస్తాయి. అందుకే కుంటుతున్న పిల్లకు రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం నార్మల్‌గానే కనిపిస్తుంది. "టెస్టులో బానే ఉంది కదా డాక్టర్ గారూ, మరి ఎందుకు లేవట్లేదు?" అని జనం తెల్లబోయేది అందుకే. ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. మామూలుగా తెల్లగా మెరవాల్సిన ఎముక పక్కనున్న కండతో కలిసిపోయినట్టు బూడిదరంగులో పలచగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల పచ్చి కొమ్మ వంగి చిట్లినట్టు సన్నటి పగుళ్లుంటాయి.

ఇంట్లో కనిపించే గుర్తులు ముందే మొదలవుతాయి. పిల్ల ఆటలో వెనకపడుతుంది. మెట్లెక్కనంటుంది. ఎత్తుకోబోతే కీచుమంటుంది. ముందు కాళ్ల పంజాలు విచ్చుకుని చదునుగా నేలకానతాయి, మోకాళ్లు బయటికో లోపలికో వంగుతాయి. బాగా తింటోంది, బొచ్చు మెరుస్తోంది కాబట్టి తిండి మీద అనుమానం రాదు. ఎక్కడో బెణికిందనుకుంటారు.

అప్పుడు మెడికల్ షాపు నుంచి కాల్షియం సిరప్ వస్తుంది. ఇందులో ఇంకో ఉచ్చు ఉంది. చికెన్ అన్నం తినే పిల్లకు సిరప్ రెండు చెంచాలు పోసినంత మాత్రాన మూడు వేల మిల్లీగ్రాముల లోటు పూడదు. మరోవైపు, సరైన ప్యాకెట్ తిండి తినే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ పిల్లలకు కూడా బలం కోసమని అదే సిరప్ పోస్తుంటారు. చిన్న వయసులో కుక్కపిల్ల పేగు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపలేదు, పోసిందంతా పీల్చుకుంటుంది. ఎక్కువ కాల్షియం తిన్న గ్రేట్ డేన్ పిల్లల ఎముకలు వంకరగా పెరుగుతాయని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హెర్మన్ హాజెవింకెల్ బృందం 1980లలోనే చూపించింది. పెద్ద జాతి పిల్లలకు లోటూ కీడే, ఎక్కువా కీడే.

పిల్లి కథ వేరు. దానికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలి, ఒంట్లో తగినంత తయారుకాదు. అది లేకపోతే గుండె కండరం సాగి, పలచబడి పంపు చేయలేకపోతుంది. ఈ సంగతి పాల్ పయన్ అనే అమెరికా పశువైద్యుడి బృందం 1987లో సైన్స్ పత్రికలో బయటపెట్టాకే పిల్లి తిండి కంపెనీలు టారిన్ కలపడం పెంచాయి. పాలన్నం, పెరుగన్నం మీద బతికే పిల్లికి టారిన్ అందదు. చికెన్ ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ అందులోనే కరిగి పోతుంది, కాబట్టి ఆ నీళ్లు ముక్కలతోనే పెట్టాలి. ఇష్టంగా తింటోందని రోజూ కోడి కార్జమే పెట్టే ఇళ్లలో ఇంకో ఇబ్బంది వస్తుంది. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ. నెలల తరబడి తింటే మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి, పిల్లి మెడ తిప్పి ఒళ్లు నాక్కోలేక బొచ్చు చిక్కుపడిపోతుంది.

ఇంట్లోనే వండి పెట్టాలంటే కుదరదని కాదు. పశువుల పోషకాహారం చదివిన డాక్టరుతో, ఆ కుక్క వయసుకీ బరువుకీ తగ్గట్టు గ్రాముల లెక్కన రాయించుకుని, చెప్పిన ఖనిజాల పొడి రోజూ తూచి కలిపితే అవుతుంది. ఓపిక ఉన్నవాళ్లు చేస్తున్నారు. ఆ ఓపిక లేనివాళ్లకు మిగిలింది ప్యాకెట్. ప్యాకెట్ కొనడం తేలిక, చదవడమే అలవాటు లేదు.

సంచి ముందు భాగమంతా ప్రకటనే అనుకోవచ్చు. ప్రీమియం, హోలిస్టిక్, నేచురల్, మెరిసే బొచ్చున్న కుక్క బొమ్మ, పక్కనే ఎర్రటి మాంసం ముక్క, ఇవేవీ పోషకాల గురించి ఏమీ చెప్పవు. తిప్పి వెనక్కి చూడాలి. చిన్న అక్షరాల్లో, ఎక్కువగా ఎంత పెట్టాలో చెప్పే పట్టిక దగ్గర, ఒక ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. అందులో కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అనే మాట, ఎ-ఎ-ఎఫ్-సి-ఓ అనే ఐదక్షరాలు ఉన్నాయా అని వెతకాలి. ఆఫ్కో అని పిలిచే ఇది అమెరికా రాష్ట్రాల పశుదాణా అధికారుల సంఘం. కుక్కకీ పిల్లికీ ఏ పోషకం కనీసం ఎంత ఉండాలో పట్టిక వేసింది ఈ సంఘమే. ఇది ఏ తిండినీ పరీక్షించదు, ముద్ర వేయదు, కాబట్టి "ఆఫ్కో ఆమోదించింది" అని ఎవరైనా రాస్తే అది తప్పు మాట. యూరప్ నుంచి వచ్చిన ప్యాకెట్ల మీద ఫెడియాఫ్ అనే పేరు, కంప్లీట్ పెట్ ఫుడ్ అనే మాట ఉంటాయి. మన దగ్గర అమ్మే కొన్ని ప్యాకెట్ల మీద ఈ వాక్యమే ఉండదు. అది లేని సంచిని రోజువారీ తిండిగా తీసుకోకపోవడమే నయం.

ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి, ఎందుకంటే అసలు కీలకం చివర్లోనే ఉంటుంది. ఏ వయసుకు అన్నది అక్కడ రాస్తారు. మెయింటెనెన్స్ అని ఉంటే ఎదిగిన కుక్కకే, పిల్లకు చాలదు. గ్రోత్ అనో, ఆల్ లైఫ్ స్టేజెస్ అనో ఉంటే పిల్లకు పనికొస్తుంది. పెద్ద జాతి పిల్లయితే ఇంకో ముక్క కూడా వెతకాలి. పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే 32 కిలోలు దాటే కుక్కల ఎదుగుదలకు కూడా సరిపోతుందని ప్రత్యేకంగా రాసి ఉండాలి. కాల్షియం ఎక్కువ కాకుండా పైహద్దు పాటించారని దానర్థం. లాబ్రడార్ పిల్లకు అలాంటి సంచే చూసుకోవడం మంచిది.

ఫార్ములేటెడ్ టు మీట్ అని ఉంటే పోషకాల లెక్క ఆఫ్కో పట్టికకు సరిపోయిందని అర్థం. ఫీడింగ్ టెస్ట్స్ అని ఉంటే నిజంగా కుక్కలకు పెట్టి చూశారని అర్థం. ఎదిగిన కుక్కల పరీక్షంటే ఎనిమిది కుక్కలు, 26 వారాలు. అది చిన్న పరీక్షే, అయినా లెక్క ఒక్కటే ఉన్నదానికంటే కొంత నయం. ఇంటర్మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ అనో, యూరప్ ప్యాకెట్ మీద కాంప్లిమెంటరీ అనో కనిపిస్తే మాత్రం అది నంజుకునేదే, అన్నం కాదు. గ్రేవీ పౌచుల్లో, పిల్లులు ఎగబడి నాకే ట్యూబుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. కాంప్లిమెంటరీకీ కంప్లీట్‌కీ చూపులో ఉన్న పోలిక చాలామందిని బోల్తా కొట్టించింది. ఇంకో సంగతి, పచ్చి మాంసపు ప్యాకెట్ మీద కూడా కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అని ఉండవచ్చు. అది పోషకాలకిచ్చే హామీయే, క్రిములకు కాదు.

తర్వాత శాతాలు. పొడి తిండి సంచి మీద ప్రొటీన్ 24 శాతం, గ్రేవీ పౌచు మీద 8 శాతం చూసి పౌచు బలహీనమనుకుంటాం. పౌచులో 82 శాతం నీళ్లే. మిగిలిన 18లో 8 ప్రొటీన్ అంటే 44 శాతం. పొడి తిండిలో నీరు 10 శాతం, మిగిలిన 90లో 24 అంటే సుమారు 27 శాతం. నీళ్లు తీసేసి పోల్చాకే పోలిక. అంతమాత్రాన పౌచుతో కడుపు నింపలేం. 80 గ్రాముల అలాంటి పౌచులో 60 కేలరీల దాకా ఉంటే, మన లాబ్రడార్ పిల్లకు రోజుకు పదిహేడు పౌచులు కావాలి.

దినుసుల జాబితా వండకముందు బరువు ప్రకారం రాస్తారు. పచ్చి చికెన్‌లో మూడింట రెండొంతులకు పైగా నీరే కాబట్టి అది తేలిగ్గా మొదటి స్థానం కొట్టేస్తుంది. చికెన్ మీల్ అంటే నీరు తీసేసిన పొడి, రెండో స్థానంలో ఉన్నా దాన్నుంచే ఎక్కువ ప్రొటీన్ రావచ్చు. బై-ప్రొడక్ట్స్ అనే మాటకు భయపడేవాళ్లు, ఆ మాట కింద వచ్చేవాటిలో కాలేయం, గుండె కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. తోడేలు మొదట తినేది వాటినే. నా మట్టుకు నేను దినుసుల జాబితా మీద కంటే ఆ చిన్న వాక్యం మీదే ఎక్కువ సమయం పెడతాను.

ఇవన్నీ సంచి ఉంటేనే. చాలా పెట్ షాపుల్లో పెద్ద బస్తా విప్పి కిలో లెక్కన లూజుగా అమ్ముతారు. ధర తక్కువ, కానీ పారదర్శక కవర్లో వచ్చిన ఆ గింజలు ఏ వయసువో, ఏ బ్యాచ్‌వో, ఎప్పటిదాకా మంచివో తెలిసే దారి లేదు. కంపెనీ సరుకు వెనక్కి పిలిచినా మనకు తెలియదు. తెరిచిన బస్తాలో కొవ్వు గాలి తగిలి కనరెక్కుతుంది, కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంటే దాని మీద కోప్పడతాం. ఇంట్లో కూడా డబ్బాలో పోయకుండా, సంచితో సహా డబ్బాలో పెట్టి మూత వేస్తే బ్యాచ్ నంబరు దగ్గరే ఉంటుంది.

మన లాబ్రడార్ పిల్ల లెక్క ముగిద్దాం. సంచి మీద కిలోకు 3600 కేలరీలని ఉందనుకోండి. అలా రాసి లేకపోతే కంపెనీకి ఫోన్ చేసి అడగాలి, చెప్పలేని కంపెనీని వదిలేయవచ్చు. రోజుకు 1000 కేలరీల్లో పదో వంతు వరకు దానికిష్టమైనది పెట్టినా పోషకాల లెక్క చెడదు. ఆ 100 కేలరీలకు 80 గ్రాముల బోన్‌లెస్ చికెన్, ఉప్పు లేకుండా ఉడికించి. మిగతా 900 కేలరీలకు 250 గ్రాముల గింజలు, మూడు పూటలుగా, గ్లాసుతో కాకుండా వంటింటి త్రాసు మీద తూచి. సంచి మీద కాల్షియం 1.2 శాతం అని ఉంటే ఆ 250 గ్రాముల్లో 3 గ్రాములు వస్తుంది, సిరప్ అక్కర్లేదు. చికెన్ అన్నం నుంచి ఒక్కరోజులో మార్చితే విరేచనాలు పడతాయి కాబట్టి వారం రోజులపాటు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. రెండు వారాలకోసారి పిల్లను ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కి, మన బరువు తీసేసి చూసుకుంటే గింజలు ఎప్పుడు పెంచాలో తెలుస్తుంది. వేలితో నిమిరితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు.